గిర్నికి ప్లే డే

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ల వెనక సందులోకి తిరిగితే ఎలిజబెత్ గిర్ని ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. ముక్కే దారి చూపిస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ ఆ సందు నిండా కారం ఘాటు పరుచుకుంటుంది. దారిన పోయేవాళ్ళు కొంగో రుమాలో ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఒక తుమ్ము తుమ్మి, "ఎల్జబెతక్క పని మీదున్నది" అనుకుంటూ సాగిపోతారు.

ముందు గదిలో రెండు గిర్నిలు, అంటే మరలు. ఒకటి పిండికి, ఒకటి కారానికి. వెనక గదిలో ఆమె కాపురం. మధ్య తలుపుకీ వెనక వాకిలి తలుపుకీ గొళ్ళేలు ఉన్నాయి గానీ వేసిన అలవాటు లేదు. అత్తగారి కాలం నుంచీ అంతే. అత్తగారు పోయాక భర్త శాంతిరాజ్ నడిపాడు. ఆయన గుండెజబ్బుతో పోయాక ఎలిజబెత్ చేతికి వచ్చింది. ఒక్కగానొక్క కూతురు హైదరాబాదులో నర్సింగు చదువుతోంది. ఇక్కడ గింజలు పోసేదీ ఆమే, పిండి ఎత్తేదీ ఆమే, జల్లెడ పట్టేదీ, బెల్టు తెగితే వేసేదీ, ఊడ్చేదీ ఆమే. బొగ్గుబాయిలో షిఫ్టులు మూడు. గిర్నికి మాత్రం మనిషి ఒక్కతే.

ఫస్టు షిఫ్టుకి పోయేవాళ్ళు తెల్లవారకముందే సంచి గుమ్మంలో పెట్టి "అక్కా, వచ్చేటప్పుడు తీస్కపోత" అని కేకేసి పోయేవారు. సెకండు షిఫ్టు దిగినవాళ్ళు లైటు వెలుగుతుందేమో చూసి కిటికీ తట్టేవారు. ఎవరు తట్టినా ఆమె లేచేది. లేవకపోతే పాపమేమో అనిపించేది. పక్కసందు కోడలు బాలింత, ఫలానా ఇంట్లో చుట్టాలు దిగారు, ఇంకొకరింట్లో పిండి నిండుకుంది. ఎవరి అవసరం వారిది. దేవుడు చేతులిచ్చింది ఇందుకే కదా అనుకునేది.

ఆదివారమైతే చెప్పక్కర్లేదు. వారంలో ఒకరోజు కంపెనీ కార్మికులకి ప్లే డే, అంటే ఆటవిడుపు. ఆ రోజే అందరూ ఇళ్ళలో ఉంటారు, ఆ రోజే సంచులు మోసుకొస్తారు. ఊరికి ప్లే డే అయితే గిర్నికి డబుల్ డ్యూటీ. ఎలిజబెత్ ఆరాధనకి వెళ్ళేది గానీ, గుడిలో చిట్టచివరి బెంచీ మీద చెప్పుల దగ్గరే కూర్చునేది. పాస్టరు గారు ఆశీర్వాదానికి చెయ్యి ఎత్తకముందే లేచి వచ్చేసేది. వచ్చే దారంతా ఆ ఎత్తిన చెయ్యి వీపు వెనక కనిపిస్తున్నట్టే ఉండేది.

ఈ మధ్య అన్నం రుచించటం లేదు. పడుకున్నా చెవుల్లో గిర్ని తిరుగుతూనే ఉండేది. ఒకరి డబ్బా ఇంకొకరికి ఇచ్చి పరుగెత్తి వెనక్కి తెచ్చుకున్న రోజులున్నాయి. మల్లక్క అనే ఆమె జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది, రోజూ పిండి పట్టిస్తుంది. ఒకరోజు ఆమె "ఏంది ఎల్జబెతూ, మాట్లాడవ్" అని నవ్వుతూ అడిగినందుకు ఊరికే కసిరి పడేసింది. ఆ సాయంత్రమంతా దానికే కుమిలింది. వయసు మీద పడుతోందిలే అని సర్దిచెప్పుకుంది. నడుస్తున్న గిర్నిని ఆపి, ఎందుకు వేడెక్కిందో చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

అసలు తప్పు ఒక ఆదివారం జరిగింది.

గిర్నిలోంచి పిండి జారే గొట్టానికి పొడవాటి గుడ్డ కడతారు. అది లేకపోతే పిండి ఇల్లంతా ఎగురుతుంది. పిండి గిర్ని గుడ్డ వేరు, కారం గిర్ని గుడ్డ వేరు. ఎలిజబెత్ కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు చెప్పిన మొదటి మాట అదే. "కారం గుడ్డ పిండికి కడితె పసిపిల్లల నోట్లె నిప్పు పెట్టినట్టె బిడ్డా." ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట దాటింది లేదు.

ఆ రోజు గుమ్మంలో సంచుల వరస సందు మలుపు దాకా ఉంది. పిండి గుడ్డ కుట్టు దగ్గర చిరిగింది. కుట్టాలంటే సూది కావాలి, గిర్ని ఆపాలి, ఇంతమందినీ నిలబెట్టాలి. వరసలో ముందున్నది పోశం. బాయిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరైన పెద్దాయన. గ్యాంగు పనిలోకి దిగేముందు పైకప్పునీ గాలినీ పరీక్షించి, "ఇగ రండి" అని చెప్పే ఉద్యోగం ఆయనది. చేతిలో చిన్న సంచెడు రాగులు. ఆయన భార్య సారవ్వకి నోటి జబ్బు. కరెంటు పెట్టించుకుని, అంటే రేడియేషన్ చికిత్స చేయించుకుని వచ్చినప్పటి నుంచి నోరంతా పుండు. రాగిజావ తప్ప ఇంకేదీ గొంతు దిగదు.

"జల్ది లేదు బిడ్డా, ఎనకనన్న పట్టు" అన్నాడు పోశం.

"అయ్యో కాకా, అవ్వకు గదా. ముందు నీదే" అంది ఆమె.

కారం గిర్ని అప్పుడు ఖాళీగా ఉంది. దాని గుడ్డ విప్పి, వాకిట్లో రెండుసార్లు గట్టిగా దులిపింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఏ వాసనా రాలేదు. ఒక్క క్షణం అత్తగారి మాట గుర్తొచ్చింది. వాసన లేదు కదా, ఏం కాదులే అనుకుని పిండి గిర్నికి కట్టేసింది. రాగిపిండి రంగే ముదురు కాబట్టి, అందులో కారం కలిసినా కంటికి ఆనదు.

పోశం పిండి తీసుకుని, "దేవుడు సల్లగ సూడాలె నిన్ను" అని వెళ్ళాడు.

వారం తిరిగిందో లేదో, మధ్యాహ్నం పూట గిరాకీ పలచబడ్డ వేళ ఆయన మళ్ళీ వచ్చాడు. చేతిలో రాగులు లేవు, స్టీలు డబ్బా ఉంది. మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

"గీ పిండి వాసన సూడు బిడ్డా."

ఎలిజబెత్ వంగి చూసింది. "మంచిగనే ఉన్నది కాకా. పురుగు గిట్ల పట్టిందా?"

పోశం ఆమె ముఖంలోకి చూశాడు. "నీకేం వాసనొస్తలేదా?"

"లేదు."

ఆయన చిటికెడు పిండి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "నాలిక మీదేస్కో."

వేసుకుంది. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి నాలుక చివర సన్నగా సుర్రుమంది. సుర్రుమన్న చోటి నుంచి ఆమె ఒళ్ళంతా చల్లబడిపోయింది.

"అవ్వ తాగిందా?" అని అడిగింది.

పోశం అరుగు మీద కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఒక గుక్క తాగిందట. ఆ గుక్కకే గిన్నె వదిలేసి నోరు పట్టుకుని కూలబడిందట. నీళ్ళు పోసినా మంటే, పాలు పోసినా మంటే. ఆ తర్వాత భయానికి జావ ముట్టుకోలేదు. నీరసించిపోతే దవాఖానలో సెలైను పెట్టించి తెచ్చారట.

"చెప్పొద్దన్నది మీ అవ్వ. పిల్ల మనసు ఇరుగుతది, ఎవరి గిర్నిల గింతంత కలవది అన్నది. నేను గూడ చెప్పకపోదును. కని నీకు వాసన తెలుస్తలేదేమో అన్న అనుమానం నాకు అవ్వ నోరు మండినంక వచ్చింది. ఆనాడు గా గుడ్డ ముక్కు కాడ పెట్టుకొని నిమ్మలంగ నిలవడ్డవ్. నేను అల్లంత దూరంల నిలవడి తుమ్మిన."

ఎలిజబెత్ గోడ పట్టుకుని కూర్చుంది. గుడ్డ సంగతి, చిరిగిన కుట్టు సంగతి, తెలిసే కట్టిన సంగతి అన్నీ చెప్పేసింది. చెబుతూ ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది.

అంతా విని పోశం అన్నాడు: "బాయిల బొగ్గు లోపల్లోపల వేడెక్కుతదమ్మా. మంట కంటికి కనవడకముందే కంపు వాసనొస్తది. ముక్కే మాకు పోలీసు. నాకు జలుబు చేసి ముక్కు మూసుకపోయిన నాడు నేను కిందికి దిగకపోయేది. దొరతోని చెప్పి పైపని తీస్కునేది. నవ్వేటోళ్ళు నవ్విన్రు. నా ఎనక ముప్పై మంది ఉన్నరు గదా." తర్వాత అడిగాడు: "నువ్వు ప్లే డే ఎన్నడు తీసుకున్నవ్ బిడ్డా?"

ఆమె ఆలోచించింది. శాంతిరాజ్ పోయినప్పుడు గిర్ని మూసింది. అంతకుముందూ ఆ తర్వాతా ఏ రోజూ గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం గిర్ని ఆపి సారవ్వ దగ్గరికి వెళ్ళింది. మంచం పక్కన నేల మీద కూర్చుని కాళ్ళు పట్టుకోబోయింది. సారవ్వ మాట్లాడలేదు, నోరు కదిపితే నొప్పి. కాళ్ళు వెనక్కి లాక్కుని, ఎలిజబెత్ చెయ్యి తీసుకుని వేళ్ళు నిమిరింది. ఆ వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని ఎర్రదనం ఉంది. సారవ్వ ఆ ఎర్రదనాన్ని తన కొంగుతో తుడిచింది, పసిపిల్ల చేతులు తుడిచినట్టు. ఆమె ఒక్క మాట తిట్టినా ఎలిజబెత్ ఆ రాత్రి నిద్రపోయేదేమో.

మర్నాడు దవాఖానకి వెళితే డాక్టరు ముక్కులో లైటు వేసి చూశాడు. లోపలి పొర అంతా వాచిందన్నాడు. మందు రాసిచ్చి, "మందు ఒక్కదానితో కాదమ్మా. కొన్నాళ్ళు ఆ ఘాటుకి దూరంగా ఉండాలి. తర్వాత కూడా మాస్కు లేకుండా గిర్ని దగ్గరికి పోవద్దు. నిద్ర సరిగ్గా పోతున్నారా?" అని అడిగాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

దూరంగా ఉండటమంటే కారం సీజను నడుమ గిర్ని మూయటం. రైతుకి కోతలప్పుడు కొడవలి దాచమన్నట్టు ఉంది. ముందు వేళలైనా పెడదామనుకుంది. పలక మీద సుద్దతో రాసి తలుపుకి తగిలించింది. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. కారం మంగళవారం, శుక్రవారం మాత్రమే. ఆదివారం గిర్నికి ప్లే డే. కారానికి రెండు రోజులు విడిగా పెడితే మిగతా రోజుల్లో ఆ గిర్ని మూతపడి ఉంటుంది, గుడ్డలు కలిసే ప్రమాదమే ఉండదు.

మొదట చదివింది మల్లక్క. నడుం మీద చెయ్యి పెట్టుకుని తీరిగ్గా చదివింది.

"ఓహో. ఆఫీసరమ్మవైనవా ఏంది? రేపటి సంది మేము గూడ హాజరు మస్టరు ఏస్కొని రావాల్నా?"

"గట్ల కాదు మల్లక్కా. పానం బాగుంటలేదు."

"పానం ఎవలికి బాగున్నదమ్మా? నాకు మోకాళ్ళు. రొట్టె ఆగుతదా?" అంటూ సంచి దింపింది. ఒంటిగంట దాటింది. ఎలిజబెత్ అప్పటికే ముందు తలుపు వేసేసింది. మల్లక్క మోకాళ్ళ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. "ఎనక నుంచి రా, ఎవలికి చెప్పకు" అంది.

ఎవరికీ చెప్పకపోవటం ఆ సందు నేలలోనే లేదు. రెండ్రోజుల్లో వెనక తలుపు దగ్గర వరస మొదలైంది. ఆదివారం ఆరాధనలో ఆమె ముందు బెంచీలో కూర్చుంది గానీ, ఇంటికి వచ్చేసరికి వెనక వాకిట్లో నాలుగు సంచులు కూర్చుని ఉన్నాయి. ఒకరికి చేసి ఇంకొకరికి లేదంటే ఎట్లా అని అవీ పట్టింది. వేళలు పెట్టకముందు పనిచేసి అలసిపోయేది. ఇప్పుడు పనిచేస్తూ, పైగా దొంగతనం చేస్తున్నట్టు భయపడుతూ అలసిపోతోంది.

పోశం అటుగా వస్తూ చూసి నవ్వాడు. "బోర్డేమో ముంగట పెట్టినవ్. దుకాణమేమో ఎనుకకు పెట్టినవ్."

"కాదంటె పాపమనిపిస్తది కాకా."

"పాపమే అనిపిస్తది. అనిపిస్తె అనిపియ్యనియ్. డబుల్ డ్యూటీకి ఎగబడ్డ పోరగాన్ని ఇంటికి పో బిడ్డా అంటే వాడు మా ఇంటికొచ్చి తిట్టిపోయిండు. వాని పెండ్లాం ఏడ్చింది. నాకు కూడు దిగలే. అయినా వాన్ని బాయిలకు దింపలే." ఆ రోజూ ఆయన చేతిలో రాగుల సంచి లేదు. రాగులు ఎక్కడ పట్టిస్తున్నాడని అడిగే మొహం ఆమెకి లేదు.

ఆ రాత్రి ప్రార్థనలో ఆమె చాలాసేపు మోకాళ్ళ మీద ఉంది. ఆరు దినాలు పనిచేసి ఏడో దినం పని మాని ఊరుకొమ్మని చెప్పినవాడు, ఊరుకోలేదని శిక్షిస్తాడేమో అని ఇన్నాళ్ళూ భయపడింది. ఊరుకోమన్నది తన మీద దయతో అని ఎప్పుడూ అనుకోలేదు. తన చేతిని తుడిచిన సారవ్వ కొంగు గుర్తొచ్చింది.

పొద్దున్నే మార్కెట్టు దగ్గర ఇంకో గిర్ని నడిపే లింగమూర్తి దగ్గరికి వెళ్ళింది. ఇద్దరికీ పొత్తు లేదు, తగువూ లేదు. నమస్కారం వరకే.

"అన్నా, నేను పది రోజులు ఊరికి పోత. మా వాళ్ళను నీ దగ్గరికి పంపుత. నువ్వు నీ బిడ్డ ఇంటికో ఎటన్నో పోయిన నాడు నీ వాళ్ళను నాకు పంపు."

లింగమూర్తి బెల్టుకి మైనం రాస్తున్నవాడు తలెత్తాడు. "గిరాకీని ఎదురుగ వచ్చి ఇచ్చిపోయేటోళ్ళను ఇప్పుడే సూస్తున్న. వచ్చినంక తిరిగి రారేమో అన్న ఫికర్ లేదా?"

"ఉన్నది."

ఆయన కాసేపు మైనం రాశాడు. "నేను తిరపతికి మొక్కుకొని ఏడేండ్లాయె" అన్నాడు మెల్లగా. "పో చెల్లె. నేను సూస్త."

ఎలిజబెత్ ముందుగానే అందరికీ చెప్పింది. పిండి అవసరమయ్యేవాళ్ళు ముందే పట్టించుకోమంది. పలక మీద సెలవు తారీకులు, లింగమూర్తి గిర్ని గుర్తులు రాసింది. ఆ వారంలో వెనక తలుపుకి గొళ్ళెం వేసింది. తుప్పు పట్టిన గొళ్ళెం, ఒక పట్టాన పడలేదు. అవతల ఎవరో తడుతుంటే ఆమె గదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తట్టటం ఆగేదాకా ఊపిరి బిగపట్టింది. తట్టిన మనిషి చెప్పులు దూరమవుతున్న చప్పుడు విని కళ్ళు తుడుచుకుంది.

చెల్లెలు గ్లోరియా ఇల్లు కాసిపేట మండలంలో, అడవి అంచున. మరిది టీచరు. అక్క వచ్చిందని గ్లోరియా నులక మంచం నీడలో వేసింది. కానీ ఆ మొదటి రోజు ఎలిజబెత్ మంచం మీద కూర్చున్నది తక్కువ. ఫోను చెవికి పెట్టుకుని వాకిట్లో తిరిగిందే ఎక్కువ. లింగమూర్తి గిర్ని ఏ మూల అని ఒకరు. నా జల్లెడ నీ దగ్గర ఉండిపోయింది అని ఒకరు. ఎప్పుడొస్తవ్ అని అందరూ.

"అక్కా, నువ్వు వచ్చేటప్పుడు గిర్నిని సంచిల ఏస్కొని వచ్చినట్టున్నవ్" అంది గ్లోరియా.

రెండోరోజు పొద్దున మల్లక్క ఫోను. ఈసారి వెటకారం లేదు. లింగమూర్తి పట్టిన పిండి బరకగా ఉందట. రొట్టె తట్టబోతే విరిగిపోతోందట. నిన్న చేసినవన్నీ మిగిలిపోయాయట. "ఒక్క పూట వచ్చి పో బిడ్డా. పొద్దుగాల బస్సెక్కితే మాపటికి మల్ల పోవచ్చు. నీ కాల్మొక్త."

నీ కాల్మొక్త అన్న మాటతో ఎలిజబెత్ లేచి చీర మార్చుకుంది. గ్లోరియా ఆపలేదు. టిఫిను కట్టి చేతికిచ్చింది. "నీ ఇష్టం అక్కా" అంది అంతే.

బస్సు ఆగే చోట ఒక ముసలామె బుట్ట నిండా ఇప్పపూలు పెట్టుకుని కూర్చుని ఉంది. వేకువనే ఏరుకొచ్చిన పూలు, ఇంకా తడి ఆరలేదు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఇద్దరు, "అబ్బ, ఏం వాసన. కడుపుల తిప్పుతాంది" అని ఒకరు, "నాకైతె పానం లేసొచ్చినట్టున్నది" అని ఇంకొకరు అనుకుంటున్నారు. ఎలిజబెత్ దగ్గరికి జరిగింది. వంగింది. ముసలామె నవ్వి, గుప్పెడు పూలు ఆమె దోసిట్లో పోసింది. "తిను బిడ్డా, తియ్యగుంటయి."

దోసిట్లో ముఖం పెట్టింది. ఏమీ లేదు. నీళ్ళలో ముఖం పెట్టినట్టు ఉంది.

ఈ ముక్కుతోనే వచ్చింది, ఈ ముక్కుతోనే వెళ్తోంది. ఈ పూట మల్లక్కకి పట్టి, దారిలో పట్టుకున్నవాళ్ళకి పట్టి, రేపు ఇంకెవరి నోట్లో నిప్పు పెడుతుంది? బస్సు రానే వచ్చింది. కండక్టరు "మంచిర్యాల, మంచిర్యాల" అని అరిచాడు. మిగతావాళ్ళు ఎక్కారు. ఆమె ఎక్కలేదు.

అక్కడే నిలబడి లింగమూర్తికి ఫోను చేసింది. "అన్నా, మల్లక్క జొన్నలకు గిర్ని రాళ్ళు కొంచెం దగ్గరకు బిగియ్యి. ఒక్కసారికి కాకపోతె రెండుసార్లు పట్టు. నీకు ముందే చెప్పాల్సింది, మర్చిపోయిన. తప్పు నాదే." తర్వాత మల్లక్కకి చేసింది. "నేను వస్తలేను మల్లక్కా. లింగమూర్తన్నకు చెప్పిన. మెత్తగ పడతడు."

"మంచిగనే ఉన్నది" అని మల్లక్క విసురుగా ఫోను పెట్టేసింది.

ఇంటికి తిరిగొచ్చి ఫోను ఆపేసి గ్లోరియా చేతిలో పెట్టింది. "బిడ్డ చేస్తె నీ ఫోనుకు చేస్తది. ఇది నాకియ్యకు, నేను అడిగినా ఇయ్యకు."

ఆ రోజంతా తప్పు చేశానన్న బాధ ఆమెని వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే విరిగిన రొట్టెలు కనిపించేవి. అయినా నిద్రపోయింది. పగలూ నిద్రే, రాత్రీ నిద్రే. లేచి తిని మళ్ళీ పడుకునేది. గ్లోరియా పిల్లలు "పెద్దమ్మకు జెరమా?" అని గుసగుసలాడుకున్నారు. డాక్టరు ఇచ్చిన మందు పూటపూటకీ ముక్కులో వేసుకుంది. సాయంత్రాలు చెల్లెలితో చర్చి దాకా నడిచి, ఊరికే మెట్ల మీద కూర్చునేది. ఏమీ అడగని ప్రార్థన కూడా ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఒక తెల్లవారుజామున ఆరుబయట మంచం మీద కళ్ళు తెరిచింది. ఎక్కడి నుంచో బరువుగా, తియ్యగా, కాస్త పులిసినట్టుగా ఏదో వచ్చి ముఖం మీద వాలింది. ఏమిటో మొదట అర్థం కాలేదు. దొడ్డి వెనక ఇప్పచెట్టు కింద నేలంతా తెల్లగా పూలు రాలి ఉన్నాయి. ఎలిజబెత్ లేవలేదు. దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. పోశం ముందు ఆపుకున్న ఏడుపు అది.

సెలవు అయ్యాక వచ్చి తలుపు తీస్తే, మూతపడ్డ గిర్నిలోంచి కారం ఘాటు ముఖాన కొట్టింది. వరసగా తుమ్మింది. ఇన్నాళ్ళూ ఇందులోనా తాను కూర్చుంది అని భయమేసింది. మాస్కు కట్టుకుని, గోడలు దులిపి, నేల కడిగింది. రెండు గుడ్డలూ తీసి కాల్చేసి కొత్తవి కుట్టింది. పిండికి తెల్లది, కారానికి నల్లది. పిండి గుడ్డలు రెండు కుట్టింది, ఒకటి చిరిగితే ఇంకొకటి.

గిరాకీ అంతా తిరిగి రాలేదు. కొందరికి మార్కెట్టు దగ్గరి గిర్నే దారిలో పడుతుందని తెలిసిపోయింది. మల్లక్క మాత్రం వచ్చింది, వేళకే వచ్చింది. సంచి దింపుతూ, "రెండ్రోజులు నా పొయ్యి ఎలగలేదు తెలుసా" అంది. "తెలుసు మల్లక్కా" అంది ఎలిజబెత్. మల్లక్క ఆమె ముఖం చూసి, "మొఖం తేటగైంది లే" అని గొణిగింది. అది క్షమించటమో కాదో ఎలిజబెత్‌కి తెలియలేదు. వచ్చేసారి సెలవు పెడితే మల్లక్కకి ముందుగా రెండు రోజుల పిండి ఎక్కువ పట్టి ఉంచాలని మాత్రం అనుకుంది.

పోశం రాలేదు. చివరికి ఆమే ఆయన ఇంటికి వెళ్ళి రాగులు అడిగి తెచ్చుకుంది. కారం రోజు కాని రోజు చూసి, పొద్దున మొట్టమొదట, తెల్ల గుడ్డ కట్టి పట్టింది. గుప్పెడు తీసి వాసన చూసింది. నాలుక మీద వేసుకుని చాలాసేపు ఆగింది. మట్టివాసన, గింజల కమ్మదనం. ఇంకేమీ లేదు. సాయంత్రం ఏడింటికి తలుపు వేసి, పిండి డబ్బా కొంగు కింద పెట్టుకుని బయల్దేరింది. సందు మలుపులో నైటు షిఫ్టు కుర్రవాడు ప్రశాంత్ సంచితో ఎదురొచ్చాడు.

"అక్కా, ఒక్కటే నిమిషం పని."

"రేపు ఎనిమిదింటికి రా తమ్మీ. మొదలు నీదే పడత." చెప్పాక గుండెలో ఎప్పటిలాగే చిన్న పోటు. ఆగలేదు, నడిచింది.

సారవ్వ ఇప్పుడు గోడకి ఆనుకుని కూర్చోగలుగుతోంది. ఎలిజబెత్ పొయ్యి దగ్గర తానే జావ కాచింది. ముందు తాను ఒక గుక్క తాగింది. చల్లార్చి, గిన్నె సారవ్వ చేతికిచ్చింది.

సారవ్వ గిన్నె పెదవుల దాకా తెచ్చి ఆపింది. వంగి మెల్లగా వాసన చూసింది. చూసి, ఎలిజబెత్ చూస్తోందని గమనించి, సిగ్గుపడ్డట్టు తల దించుకుంది.

"సూడవ్వా," అంది ఎలిజబెత్. "రోజూ సూడు. నేను తెచ్చిన నాడు గూడ సూడు."

సారవ్వ గిన్నె ఎత్తి తాగింది. కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగుతూ, అడుగుదాకా తాగింది. పోశం గుమ్మంలో కండువా సర్దుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. ఖాళీ గిన్నె అందుకోవటానికి ఎలిజబెత్ చెయ్యి చాచింది. వేళ్ళ సందుల్లో ఎర్రదనం చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. సారవ్వ ఆ చెయ్యి పట్టుకుని, పక్కన కూర్చోమన్నట్టు లాగింది. గిర్ని మూసి ఉంది, పోవాల్సిన తొందర లేదు. ఎలిజబెత్ కూర్చుంది.